ఇద్దరమే మిగిలిన ఇంట్లో: విడిగా గడిచిన ఏళ్లను మళ్లీ పంచుకున్న తీరు

మా వారు బ్యాంకు ఆఫీసరు. 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజున రిటైరయ్యారు. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి అమెరికాలో. హనుమకొండ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆ తర్వాత ఒకరికొకరం మళ్లీ దగ్గరవడానికి మేం ఏయే పనులు ఏ వరుసలో చేశామో, ఏది ఎక్కడ చెడుతుందో రాస్తున్నాను. మొదట కొన్నాళ్లు ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాం. మిగతాదంతా ఇంట్లో చేసుకున్నదే. ఉద్యోగాల వల్ల ఏళ్ల తరబడి ఒకరొక ఊళ్లో ఉండి, రిటైరయ్యాకే రోజంతా ఒకే ఇంట్లో గడపడం మొదలుపెట్టిన దంపతులకు ఇది ఎక్కువగా పనికొస్తుంది.

అలాంటి ఇళ్లు మనవైపు తక్కువేం కాదు. బ్యాంకుల్లో ఆఫీసరయితే మూడు నాలుగేళ్లకో బదిలీ మామూలు. పిల్లల చదువు చెడకూడదని భార్యాపిల్లల్ని ఒక ఊళ్లో ఉంచి, ఆయన బదిలీ అయిన ఊళ్లో గది తీసుకుంటారు. 2015 సెప్టెంబరు దాకా బ్యాంకులకు ప్రతి శనివారం ఒంటిపూట ఉండేది. పని ముగించుకుని, బస్సో రైలో పట్టుకుని ఇల్లు చేరేసరికి శనివారం రాత్రి. సోమవారం తెల్లవారుజామున మళ్లీ ప్రయాణం. మధ్యలో దొరికే ఒక్క ఆదివారంలోనే ఫీజులు, కుళాయి రిపేరు, చుట్టాల పెళ్లిళ్లు, పిల్లల మార్కులు అన్నీ తేలాలి. మాట్లాడుకోవడమంటే పనులు అప్పజెప్పుకోవడమే అయిపోతుంది. పిల్లలు ఎగిరిపోయాక ఆ పనులూ ఉండవు, వాటితో పాటు మాటలూ ఆగిపోతాయి. ఇది ప్రేమ తగ్గడం వల్ల వచ్చిందని చాలామంది బెంగపడతారు. మా విషయంలో అసలు లోటు వేరే చోట ఉంది. ఆ ఏళ్లలో ఆయన బతుకు నాకు తెలియదు, నా బతుకు ఆయనకు తెలియదు. మా ప్రయత్నమంతా దాని చుట్టూనే తిరిగింది.

కౌన్సెలర్ మొదట ఇచ్చిన పని చాలా చిన్నది. ఒక వారం పాటు, పడుకునే ముందు, ఆ రోజు మనిద్దరం ఏమేం మాట్లాడుకున్నామో ఎవరికి వారు విడిగా రాసుకోవాలి. ఒక్కో మాటకు ఒక్కో లైను చాలు. ఆదివారం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ప్రతి లైను ముందు ఒక అక్షరం వెయ్యాలి. ఇంటి పని అయితే 'ప', పిల్లల సంగతి అయితే 'పి', ఒంట్లో బాగులేకపోవడం, మందులు అయితే 'మ'. ఈ మూడిట్లోనూ ఇమడని మాటకు చుక్క. మా కాగితాల్లో చుక్కలు ఎక్కడో ఒకటీ అరా. చాలా ఇళ్లలో ఇంతే ఉంటుందని ఆవిడ చెప్పింది. ఈ వారంలో మాటలు పెంచాలని ఎవరూ కష్టపడకూడదు. ఉన్నది ఉన్నట్టు కనపడాలి. ఇద్దరి కాగితాల్లో తేడా వచ్చిన చోటు ముఖ్యం. ఆయన రాసి నేను రాయని మాట ఉందంటే, ఆయన చెప్పింది నా చెవిన పడలేదన్నమాట, లేదా నేను దాన్ని మాటగా లెక్కపెట్టలేదు. కిటికీ దగ్గర నిలబడి "ఈ వాన మంచిర్యాల వానలా ఉంది" అని ఆయన అన్నది ఆయన కాగితంలో ఉంది, నా కాగితంలో లేదు. అలాంటి చిన్న మాటలే తలుపులు. విన్నవాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న వేస్తే సంభాషణ అవుతుంది, ఊరుకుంటే అక్కడితో ఆగిపోతుంది.

రెండో మెట్టు రోజును పంచుకోవడం. మాటల కంటే ముందు ఇది ఎందుకంటే, పగలంతా ఒకరి కాళ్లకు ఒకరు అడ్డంపడుతుంటే సాయంత్రం మనసువిప్పి కూర్చోవడం అయ్యే పని కాదు. జపాన్‌లో నొబువో కురొకవా అనే డాక్టరు 1991లోనే దీనికొక పేరు పెట్టారు. భర్త రిటైరై ఇంట్లో ఉండటం మొదలయ్యాక భార్యకు వచ్చే తలనొప్పి, నిద్రలేమి, కడుపులో మంట వంటి వాటిని ఆయన ఒక జబ్బుగానే గుర్తించారు. మన ఇళ్లలో దానికి పేరు లేదు గానీ, "ఎక్కడికి? ఎప్పుడొస్తావు? ఎవరు ఫోను?" అనే మూడు ప్రశ్నలు రోజుకు పదిసార్లు వినపడుతున్నాయంటే అదే.

తెల్ల కాగితం మీద ఉదయం ఐదు నుంచి రాత్రి పది దాకా గంటలు రాసి, పక్కన ఇద్దరికీ చెరొక గడి గీయాలి. ఎవరికి వారు, ఆ గంటలో తాము నిజంగా ఏం చేస్తున్నారో నింపాలి. ఏం చెయ్యాలనుకుంటున్నారో రాయకూడదు. ఆ తర్వాత ప్రతి గంటకూ ఒక గుర్తు: నా ఒక్కదానిది, ఇద్దరిదీ, లేదా ఎటైనా సరే. ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్నావిడకు తనదంటూ ఒక పొద్దు ఏర్పడి ఉంటుంది. భద్రకాళి చెరువు గట్టు మీద నడక, గుళ్లో పారాయణం, పక్కింటి వాళ్లతో నాలుగు మాటలు. రిటైరైన మనిషికి మాత్రం కాగితం మీద పేపరు, టీవీ తప్ప గళ్లన్నీ ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీని భార్య పొద్దుతో నింపుకోవాలనుకుంటే ఇద్దరికీ ఇరుకే. అందుకని మేం పెట్టుకున్న నియమం: పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా ఎవరి పొద్దు వారిది. ఆయన ఆ వేళకు బయట ఏదో ఒక పని చూసుకోవాలి. తనకు తెలిసిన పనే అయితే నిలుస్తుంది. మా వారు వీధిలో పెద్దవాళ్లకు పాస్‌బుక్కులు, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్లు, నామినీ ఫారాలు చూసిపెట్టడం మొదలుపెట్టారు.

ఎక్కువ గొడవలు పుట్టేది వంటింట్లో. రిటైరైన మగవాళ్లు "సాయం చేస్తాను" అంటారు. సాయం అంటే పక్కన నిలబడి ఉల్లిపాయలు తరగడం. తరిగేవాళ్లకు ఎంత సన్నగా తరగాలో చెప్పాలి, తరిగాక సరిచూడాలి. అది సాయం పొందినట్టు ఉండదు, ఆయనకు చేసినట్టూ ఉండదు. దీనికి మందు, ఒక పూట మొత్తం ఆయనకు వదిలెయ్యడం. ఏం వండాలో అనుకోవడం దగ్గర్నుంచి మూకుడు కడగడం దాకా అంతా ఆయనదే. మా ఇంట్లో అది సాయంత్రం టిఫిను. ఆ గంటలో నేను వంటింటి గడప దాటను. మొదట ఉప్మా ఎంచుకున్నారు. బొంబాయి రవ్వ ఒక గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, జారుగా కావాలంటే మూడు. రవ్వ ముందే నెయ్యిలో వేయించి పక్కన పెట్టి, పోపు వేసి, నీళ్లు తెర్లాక మంట తగ్గించి, ఒక చేత్తో రవ్వ వదులుతూ రెండో చేత్తో కలపాలి. ఇంతే రాసి ఒక చీటీ గోడకు అంటించాను. తర్వాత నోరు విప్పలేదు. ఉండలు కట్టిన రోజు ఉండలతోనే తిన్నాం. ఇక్కడ చెడేది ఎప్పుడంటే, భార్య తినేటప్పుడు "కరివేపాకు ఇంకొంచెం పడాల్సింది" అన్నప్పుడు. అలా రెండుసార్లు జరిగితే మూడోరోజు ఆయన బజ్జీలు కొనుక్కొస్తారు. రుచి గురించి అడిగితేనే చెప్పాలి. అడిగినప్పుడు బాగున్నదాన్ని ముందు చెప్పాలి.

సాయంత్రం మాటల సంగతికి వస్తాను. దీనికి అరగంట చాలు, అంతకు మించితే అలసట వస్తుంది. టిఫిను తర్వాత, టీవీ పెట్టకముందు. రెండు కుర్చీలు బాల్కనీలో ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేసుకుంటే మంచిది. సూటిగా ఎదురుగా కూర్చుంటే ఇంటర్వ్యూలా ఉంటుంది, పూర్తిగా పక్కపక్కన కూర్చుంటే మొహం కనపడదు. ఫోన్లు రెండూ లోపలి గదిలో ఉండాలి. బల్ల మీద బోర్లా పెట్టినా సరే, పిల్లల ఫోనేమోనని చెయ్యి అటే పోతుంది. వంటింటి టైమర్ పదినిమిషాలకు తిప్పి పెడతాం. ఆ పదినిమిషాలు ఒకరివి. రెండోవాళ్లు వినాలి, మధ్యలో ఒకటి రెండుసార్లు తాము విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పి "ఇంతేనా?" అని అడగాలి. "ఇంతే" అంటే ముందుకు. "ఇంతే కాదు" అంటే మళ్లీ. తర్వాత వంతు మారుతుంది. ఆఖరి పదినిమిషాలు ఎవరిష్టం వారిది, ఊరికే కూర్చున్నా పర్వాలేదు. పిల్లల సంగతులు, డబ్బు, డాక్టరు ఈ అరగంటలోకి రాకూడదు. వాటికి ఆదివారం పొద్దున వేరే గంట ఉంది.

ఈ పద్ధతిలో చెడే చోట్లు మూడు. మొదటిది, సలహా. ఆఫీసులో ఏళ్ల తరబడి సమస్య వినగానే పరిష్కారం చెప్పిన మనిషికి, భార్య "మా అక్క ఈమధ్య సరిగా మాట్లాడట్లేదు" అనగానే "అయితే నువ్వే ఫోను చెయ్యి" అని వచ్చేస్తుంది. మాట అక్కడితో తెగిపోతుంది. వినేవాళ్ల నోట వాక్యం "అయితే"తో మొదలైతే అది సలహా అని గుర్తుపట్టవచ్చు. రెండోది, పాత పద్దులు. "అప్పుడు మా నాన్న ఆస్పత్రిలో ఉంటే మీరు రాలేదు" అన్నది నిజమే కావచ్చు, కానీ ఎదుటివాళ్ల వంతులో దాన్ని తీస్తే వాళ్లు మాట్లాడటం మానేసి సంజాయిషీ ఇచ్చుకుంటారు. అది తన వంతులో, నింద లాగా కాకుండా, ఆ రోజు తనకు ఎలా ఉందో చెప్పుకోవాలి. మూడోది, కోపం ఒంటికి ఎక్కడం. మాట తొందరపడటం, చెవులు వేడెక్కడం, ఎదుటివాళ్ల వాక్యం పూర్తికాకముందే జవాబు తయారవడం దీనికి గుర్తులు. గుండె అలా పరుగెడుతున్నప్పుడు చెవికి మాటలు ఎక్కవు. దంపతుల గొడవల్ని ఏళ్ల తరబడి గమనించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్ ఇలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు ఆపమంటారు. ఒంట్లోని ఆ ఉద్రేకం దిగడానికి అంత సమయం పడుతుంది. ఆ సమయంలో జరిగినదాన్నే నెమరువేసుకుంటే దిగదు, మొక్కలకు నీళ్లు పోయడమో, బట్టలు మడతపెట్టడమో చెయ్యాలి. లేచి వెళ్లేవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లాలి. చెప్పకుండా లేస్తే రెండోవాళ్లకు అది వదిలేసి పోవడమే.

అదే గాట్‌మన్ పరిశీలనలో, దంపతుల మధ్య గొడవల్లో 69 శాతం ఎప్పటికీ పూర్తిగా తేలనివేనట. స్వభావాల తేడాల నుంచి పుట్టినవి. ఇది తెలిశాక మాకు చాలా తేలికైంది. ఆయన ప్రతి రూపాయీ రాస్తారు, నేను రాయను. అది తేలాల్సిన పని లేదు.

కానీ కొన్ని తేలి తీరాలి. అమ్మాయి రెండో కాన్పుకు అమెరికా వెళ్లడం అలాంటిది. ఈ వయసు తెలుగు ఇళ్లలో ఇది పెద్ద ప్రశ్న. ఆరునెలలు తల్లి అక్కడ, తండ్రి ఇక్కడ. ఉద్యోగం విడదీసినట్టే మళ్లీ విడదీస్తుంది. మా ఇద్దరి మొదటి మాటలు: నేను "ఇద్దరం వెళ్దాం", ఆయన "నువ్వు వెళ్లు, నేనిక్కడ ఉంటాను". ఇలా పైపైన ఎంతసేపు లాగినా ముడి బిగుసుకుంటుంది తప్ప విడదు. దీన్ని రెండు సాయంత్రాలకు విడగొట్టాం. మొదటి సాయంత్రం నిర్ణయం గురించి మాట్లాడటం నిషేధం. ఎవరికి ఎందుకలా అనిపిస్తోందో అంతవరకే.

నా వంతులో నేను అన్నది: "అమ్మాయికి నా అవసరం ఉంది, వెళ్లాలనే ఉంది. కానీ ఆరునెలలంటే ఇక్కడ నేను కట్టుకున్న పొద్దంతా చెదిరిపోతుంది. మీరు రానంటే నాన్నేడీ అని అందరూ నన్నే అడుగుతారు."

ఆయన తిరిగి చెప్పింది: "అంటే నీకు వెళ్లాలనీ ఉంది, అన్ని నెలలు వద్దనీ ఉంది. నేను రాకపోతే అందరికీ నువ్వే జవాబు చెప్పుకోవాలి. ఇంతేనా?"

"ఇంతే కాదండీ. మొదటి కాన్పుకి కూడా నేనొక్కదాన్నే వెళ్లాను. మనవణ్ణి ఎత్తుకున్నప్పుడు పక్కన మీరు లేరు. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోను?"

రెండోసారి తిరిగి చెప్పేసరికి ఆయన గొంతు మారింది. అడుగున ఉన్న మాట సాధారణంగా ఈ రెండో విడతలోనే పైకొస్తుంది. అందుకే "ఇంతేనా?" అని అడగడం మానకూడదు.

తన వంతులో ఆయన చెప్పింది నేను అనుకున్నదానికి పూర్తిగా వేరు. "ఇక్కడ ఒక్కణ్ణే ఉండాలని నాకేం సరదా లేదు. గదిలో ఒక్కణ్ణే వండుకు తినడం చాలు. కానీ అక్కడికొస్తే పగలంతా నేనేం చెయ్యాలి? కారు నడపలేను. నువ్వు బాలింత పనిలో ఉంటావు. అల్లుడి ఇంట్లో సోఫాలో ఊరికే కూర్చోవాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది." పైన కనపడింది రాననే పట్టు. లోపలున్నది పని లేకుండా ఒకరింట్లో ఉండటమనే బాధ. దీనికి మందు పని చూపించడమే తప్ప బతిమాలడం కాదు.

రెండో సాయంత్రం కాగితం పెట్టుకున్నాం. విజిటర్ వీసా మీద దిగినప్పుడు సాధారణంగా ఆరునెలలు ఉండనిస్తారు, ఎంతనేది విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తారు. ఉండనిచ్చారని అన్నాళ్లూ ఉండాలని ఎక్కడా లేదు. అమ్మాయినే అడిగితే, నిజంగా చెయ్యి కావలసింది కాన్పుకు మూడు వారాల ముందు నుంచి బిడ్డకు రెండు నెలలు వచ్చేదాకా అని చెప్పింది. మొత్తం పదకొండు పన్నెండు వారాలు. ఆ తర్వాతి నెలలకు వియ్యపురాలిని అడిగాం, ఆవిడా సంతోషంగా ఒప్పుకుంది. మా వారికి రోజువారీ పని ఒకటి కచ్చితంగా కావాలి కాబట్టి పెద్దవాణ్ణి స్కూలు నుంచి నడిపించుకుని తేవడం, పార్కుకు తీసుకెళ్లడం, తెలుగు అక్షరాలు దిద్దించడం ముందే అమ్మాయితో మాట్లాడి ఖాయం చేశాం. ఇద్దరికీ ప్రయాణ ఆరోగ్య బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగరు వంటి పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి తీసుకోవాలి, చాలావాటిలో వర్తించదు. అక్కడా రాత్రి భోజనాల తర్వాత మా ఇద్దరికీ ఒక పావుగంట నడక ఉంటుందని ముందే చెప్పి ఉంచాం. చెప్పకపోతే పిల్లల ఇంట్లో తల్లిదండ్రులకు విడిగా ఒక నిమిషం దొరకదు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది దీని తర్వాతి మెట్టు. దంపతుల్ని దగ్గర చెయ్యడానికి ప్రశ్నల పట్టీలు చాలా ఉన్నాయి. ఆర్థర్ ఏరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో ప్రచురించిన 36 ప్రశ్నలు బాగా పేరు పొందాయి. అవి ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య దగ్గరితనం పుట్టించడానికి తయారుచేసినవి. ముప్పై ఏళ్లు దాటిన కాపురంలో "నీకు ఏ రోజు గొప్ప రోజు?" అని అడిగితే ఇద్దరికీ మొహమాటమే మిగులుతుంది, జవాబు కూడా పొడిగా ఉంటుంది. మాకు పనికొచ్చింది మా ఏళ్లకే సరిపోయే ప్రశ్నలు వేసుకోవడం. ఒక పట్టిక గీశాం. ఎడమవైపు సంవత్సరాలు, మధ్యలో ఆయన ఉన్న ఊరు, కుడివైపు అదే సంవత్సరం ఇక్కడ ఇంట్లో జరిగినవి. జగిత్యాల, మంచిర్యాల, సత్తుపల్లి. ఇటువైపు అబ్బాయికి టైఫాయిడ్, మా అత్తగారు పోవడం, అమ్మాయి ఇంటర్ హాస్టలు. ఒక్కో వారానికి ఒక్కో వరుస. ఆ వారం సాయంత్రం మాటలన్నీ ఆ వరుస మీదే.

ప్రశ్నలు చిన్నవిగా, చేత్తో పట్టుకోగలిగేట్టు ఉండాలి. "అక్కడ ఎలా ఉండేది?" అంటే "బాగానే ఉండేది" అని జవాబు. "రాత్రి భోజనం ఎక్కడ చేసేవారు? ఎవరితో?" అంటే మాట కదులుతుంది. గదికి కిటికీ ఏ వైపు? జ్వరం వస్తే కాఫీ ఎవరిచ్చారు? నాకు ఫోను చేద్దామనుకుని చెయ్యకుండా ఊరుకున్న రోజు ఏదైనా ఉందా? ఆఖరిది కొంచెం లోతైనది, ముందే అడగకూడదు. మంచిర్యాల వాన గురించి నాకు తెలిసింది ఇక్కడే. గది మీద రేకులట. వాన పడితే ఫోనులో మాట వినపడేది కాదట, అందుకని వానాకాలంలో ఫోను చేసేవారు కాదట. నేను అన్నేళ్లూ ఆయనకు తీరిక లేదనే అనుకున్నాను.

నా వైపు కూడా అంతే ఉంది. అబ్బాయి టైఫాయిడ్‌లో రాత్రిళ్లు ఎవరు తోడున్నారు, డబ్బు సరిపోకపోతే ఎవరిని అడిగాను, ఏ నిర్ణయాలు ఆయనకు చెప్పకుండా తీసుకున్నాను. ఈ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు అవతలివాళ్లు "అప్పుడే చెప్పొచ్చుగా" అనకూడదని ముందే ఒప్పుకోవాలి. ఒక్కసారి ఆ మాట వచ్చిందంటే మిగతా వరుసల్లో దాపరికం మొదలవుతుంది.

కాగితం మీద వరుస అయ్యాక వీలైతే ఆ ఊరికి వెళ్లి చూడాలి. కాజీపేట నుంచి జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా వెళ్లే రైలుకు మంచిర్యాల పొద్దున వెళ్లి రాత్రికి వచ్చెయ్యగలిగిన దూరం. జగిత్యాలకు కరీంనగర్ మీదుగా బస్సు. గుళ్లు, చూడదగ్గ స్థలాలు ఆ రోజు పెట్టుకోకూడదు. స్టేషన్‌లో దిగి, ఆయన రోజూ నడిచిన దారినే నడిచి, గది ఉన్న వీధి, భోజనం చేసిన మెస్సు, టీ తాగిన కొట్టు చూడాలి. చాలావరకు మారిపోయి ఉంటాయి. ఫర్వాలేదు, మారిన చోట నిలబడి చెప్పినా మాటలు వస్తాయి. ఆ రోజు దారి చూపించేవాళ్లు ఒకరు, వెంట నడిచేవాళ్లు ఒకరు. ఇంటి దగ్గర అన్నీ నేనే చూపించడం అలవాటైన ఇంట్లో ఈ తారుమారు మేలు చేస్తుంది. తిరిగొచ్చాక ఆ వారంలోనే రెండోవాళ్ల వంతు. పిల్లల స్కూలు, ఆస్పత్రి, ఫీజు కోసం గొలుసు కుదువపెట్టిన వీధి నేను చూపించాను. అవన్నీ మా ఊళ్లోవే అయినా ఆయనకు కొత్తవి. ఏరన్ బృందమే 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో, దంపతులు కలిసి ఏదైనా కొత్త, కాస్త హుషారైన పని చేస్తే అనుబంధం మీద తృప్తి పెరిగినట్టు తేలింది. అందుకోసం విదేశీ యాత్రలే అక్కర్లేదు, ఇద్దరిలో ఒక్కరికి తెలియని వీధి చాలు.

మాటలతో కుదరని సంగతులు కొన్ని ఉంటాయి, వాటిని ముందుగానే వేరు చెయ్యాలి. చెవుల సంగతి మొదటిది. "ఆయన నా మాట వినిపించుకోరు" అనే ఫిర్యాదులో సగం నిజంగా వినపడకపోవడమే కావచ్చు. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నని, ఎత్తైన ధ్వనులు. స, త, క, ప వంటి అక్షరాలు కలిసిపోతాయి. మగవాళ్ల గొంతుల కంటే ఆడవాళ్ల, పిల్లల గొంతులు ముందు మసకబారతాయి. టీవీ శబ్దం నెలనెలా పెరగడం, పక్క గదిలోంచి పిలిస్తే "ఆఁ?" అనడం, పెళ్లి సందడిలో మౌనంగా కూర్చోవడం గుర్తులు. చెవి డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష నొప్పి లేనిది, అరగంటలో అయిపోతుంది. మిషను పెట్టుకుంటే అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో గిన్నెల చప్పుడు కూడా చెవులు చిల్లులు పడేట్టు ఉంటుంది. అప్పుడే తీసి డ్రాయర్లో పెట్టేస్తారు, అది చూసుకోవాలి. ఈలోగా మాట్లాడేవాళ్ల మొహం మీద వెలుతురు పడేట్టు కూర్చోవాలి.

రెండోది, పడక. గురక వల్లో, మోకాళ్ల నొప్పుల వల్లో వేరే గదుల్లో పడుకునే దంపతులు చాలామంది. నిద్ర పట్టడం ముఖ్యం కాబట్టి అది తప్పు కాదు. పడుకోబోయే ముందు ఒక పావుగంట ఒకే మంచం మీద కూర్చుని, తర్వాత ఎవరి గదికి వారు వెళ్లొచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం డాక్టరుకు చూపించాలి. నెలసరి ఆగాక ఆడవాళ్లకు వచ్చే పొడిబారడం, షుగరు వల్లో, కొన్ని బీపీ మందుల వల్లో మగవాళ్లకు వచ్చే ఇబ్బంది రెండూ వైద్యానికి లొంగేవే. సిగ్గుపడి దాచుకుంటే అవతలివాళ్లు దాన్ని విముఖతగా లెక్కవేసుకుంటారు.

మూడోది, మనసు కుంగడం. రిటైరయ్యాక రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం, తిండి తగ్గడం, "నేనుండి ఎవరికి లాభం" అనడం కనిపిస్తే సాయంత్రం అరగంట చాలదు, వైద్యం కావాలి. ప్రభుత్వ టెలి మానస్ లైను 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైను ఉంది. ఇక కొట్టడం, భయపెట్టడం, డబ్బు చేతికి ఇవ్వకపోవడం ఉన్న ఇంట్లో ఇక్కడ రాసినదేదీ చెయ్యకూడదు. మనసు విప్పి చెప్పిన మాటే తర్వాత ఆయుధమవుతుంది. అక్కడ ముందు కావలసింది రక్షణ, 181కి ఫోను చెయ్యాలి.

అరగంట మాటలు ఎన్నాళ్లు నడపాలంటే, మేం మొదట వారానికి ఐదు రోజులు పెట్టుకున్నాం. పట్టికలో వరుసలు అయిపోయాక మూడు రోజులకు తగ్గింది, టైమరు అవసరం తగ్గిపోయింది. ఏదైనా పెద్ద విషయం వచ్చినప్పుడు మాత్రం మళ్లీ బయటికి తీస్తాం. చుట్టాలొచ్చో, ఒంట్లో బాగులేకో కొన్ని రోజులు తప్పిపోతే ఆ బాకీ తీర్చుకోవాలని ఒకేరోజు గంటలకొద్దీ కూర్చోకూడదు, విసుగొస్తుంది. మర్నాడు మామూలు అరగంటతోనే మొదలుపెట్టాలి, ఆగిన వరుస దగ్గర్నుంచే. ఇప్పుడు మా పట్టికలో సత్తుపల్లి మిగిలింది. ఎండలు తగ్గాక వెళ్తాం.